అకౌంట్ కంటే ముందు మావయ్య!

ఆదివారం ఉదయం. మీరు ఎచ్చెర్లలో ఇంట్లో ఉన్నారు. విజయనగరం నుంచి మావయ్య ఫోన్. "పదిహేను వేలు పంపానమ్మా, అందాయా?"

మీరు అడగనే లేదు. రాత్రి ఫ్రెండ్ నంబర్ నుంచి ఓ మెసేజ్ వచ్చింది. "పొరపాటున నీకు కోడ్ వచ్చింది, కాస్త పంపవా?" ఆరంకెలే కదా అని పంపేశారు. ఇప్పుడు మీ వాట్సాప్ మోసగాడి ఫోన్‌లో ఉంది. ఆ ఫ్రెండ్ అకౌంట్ కూడా అలాగే పోయి ఉంటుంది.

సిగ్గు పక్కన పెట్టండి. గడియారం చూడండి.

ముందు మావయ్య చేత 1930కి కాల్ చేయించండి. డబ్బు పోయింది ఆయన ఖాతా నుంచి, కాబట్టి ఆయనే చెప్పాలి. యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబర్, ఎంత పంపారు, ఎన్ని గంటలకు, ఇవి చేతిలో ఉంచుకోమనండి. డబ్బు ఇంకా అవతలి ఖాతాలోనే ఉంటే దాన్ని ఆపే వీలుంది. చేతులు మారిందా, కష్టం. "సోమవారం బ్యాంకు తెరిచాక చూద్దాం" అనే అలవాటు ఈ ఒక్క విషయంలో మానేయాల్సిందే.

ఇప్పుడు మిగతావాళ్లు. వాట్సాప్ పోయినా మీ సిమ్ మీ దగ్గరే ఉంది. అడిగిన వెంటనే డబ్బు పంపేసే నలుగురు ఎవరో మీకు తెలుసు. పిన్ని, తమ్ముడు, పాత రూమ్మేట్... వాళ్లకు మామూలు కాల్ చేయండి. మిగతా వాళ్లకు ఈ ఎస్ఎంఎస్:

"నా వాట్సాప్ హ్యాక్ అయింది. డబ్బు గానీ కోడ్ గానీ అడిగితే ఇవ్వొద్దు. పంపేసి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి. అనుమానముంటే నాకు మామూలు కాల్ చేయండి, వాట్సాప్ కాల్ వద్దు."

చివరి మాట తీసేయకండి. వాట్సాప్ కాల్ చేస్తే మోగేది వాడి ఫోన్!

గ్రూపుల సంగతి చాలామంది మర్చిపోతారు. వాడికి కొత్త నంబర్లు దొరికేది అక్కడే. ప్రతి గ్రూప్ అడ్మిన్‌కీ చెప్పి మీ నంబర్ తీయించండి. ఇదే హెచ్చరికను గ్రూపులో ఆయన్నే పెట్టమనండి.

మీరు ఈ కాల్స్ చేస్తుండగా ఇంట్లో ఒకరు ఫిర్యాదు వివరాలు cybercrime.gov.in లో నింపవచ్చు.

ఆ తర్వాత అకౌంట్. వాట్సాప్‌లో మీ నంబర్ కొట్టండి, ఎస్ఎంఎస్‌లో వచ్చిన కోడ్ ఇవ్వండి. అంతే, వాడు బయటికి పోతాడు. ఒక్కోసారి మీరెప్పుడూ పెట్టని పిన్ అడుగుతుంది. అది వాడు పెట్టింది. కంగారు పడకండి. మీరు ఏడు రోజులు ఆగాలి, నిజమే. కానీ ఎస్ఎంఎస్ కోడ్ ఇచ్చిన క్షణమే వాడు లాగౌట్ అయిపోయాడు.

లోపలికి వెళ్లాక లింక్డ్ డివైసెస్ తెరవండి. మీది కానిది కనిపిస్తే తీసేయండి. టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో మీ సొంత పిన్ పెట్టండి, ఈమెయిల్ కూడా ఇవ్వండి.

ఇక మావయ్యకు మళ్లీ ఫోన్ చేయండి. 1930 వాళ్లు ఇచ్చిన ఫిర్యాదు నంబర్ కాగితం మీద రాసుకున్నారా, అడగండి.