గోంగూర పచ్చడిని ఇంగ్లీషులో రాయడం ఎలా?

ప్రశ్న: అమ్మ చెప్పిన గోంగూర పచ్చడి విధానాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘గోంగూర’, ‘గుప్పెడు’, ‘మగ్గబెట్టాలి’ అన్నవాటిని ఎలా రాయాలి?

జవాబు: గోంగూరను ‘సారెల్’ అని మాత్రమే రాస్తే, ఐరోపాలో ఆ పేరుతో దొరికే వేరే పుల్లని ఆకును పాఠకులు కొనే ప్రమాదం ఉన్నందున, గోంగూర అన్న పేరునే ఉంచి, అది మందార జాతికి చెందిన ‘రోజెల్’ మొక్క ఆకు అని పక్కనే వివరించాలి. గుప్పెడు ఎండుమిరపకాయలను అమ్మ చేతనే తీయించి, తూచి, గ్రాములలో రాయాలి. మగ్గబెట్టడమంటే నీరు పోయకుండా, కొద్ది నూనెలో, సన్న సెగపై, ఆకు తన తడితోనే మెత్తబడేలా ఉడికించడం కనుక, ఒక్క క్రియతో సరిపెట్టక, ఆకు రంగు మారి, నీరు ఇగిరి, గరిటెతో మెదిపితే ముద్దయ్యే స్థితిని గుర్తుగా చెప్పాలి. నిమిషాలు మాత్రమే రాస్తే ఆకులో తడి మిగిలిపోవచ్చు; అలా తడి మిగిలిన పచ్చడి త్వరగా పాడవుతుంది. ఈ వంట తెలియనివారి చేత ఒకసారి వండించి చూసిన తరువాతే అనువాదాన్ని ఖరారు చేయాలి.