ఉగాది భోజనానికి రెండు భాషల్లో నాలుగు లైన్లు

చిరంజీవి బుజ్జికి,

ఉగాది భోజనం పోస్టు కోసం నువ్వు రాసి పంపిన తెలుగు, ఇంగ్లిష్ క్యాప్షన్లు రెండూ చదివాను. ఫొటో చాలా బాగుంది. ఆకు మీద పులిహోర పక్కన బొబ్బట్టు, దాని మీద కరుగుతున్న నెయ్యి, అన్నీ కనపడుతున్నాయి. కింద రాసిన మాటల్లో మాత్రం ఆ నెయ్యి వాసన లేదు. ఎందుకు లేదో, ఏం చేస్తే వస్తుందో వివరంగా రాస్తాను. ప్రకటనల రాతలోనే ఇన్నేళ్లు బతికినవాణ్ని కాబట్టి ఈ విషయంలో నీకు పనికొచ్చేది చెప్పగలననే నమ్మకం ఉంది.

నువ్వు పంపిన తెలుగు ఇది: ‘ఈ ఉగాది సందర్భంగా మీ ప్రియమైన వారితో కలిసి మా ప్రత్యేకంగా రూపొందించబడిన సాంప్రదాయ థాలీ యొక్క ప్రామాణికమైన రుచులను ఆస్వాదించండి! పరిమిత సీట్లు అందుబాటులో ఉన్నాయి. మీ పట్టికను ఇప్పుడే బుక్ చేయండి.’

ఇంగ్లిష్ ముందు రాసుకుని దాన్ని తెలుగులోకి తిప్పావని మొదటి లైనులోనే తెలిసిపోతోంది. ‘రూపొందించబడిన’ అని ఏ వంటవాడూ అనడు, ‘చేసిన’ అంటాడు. ‘థాలీ యొక్క రుచులు’ అని ఏ ఇంట్లోనూ వినపడదు. హోటల్లో కూర్చునే టేబుల్‌ని పట్టిక అన్నది మనిషి కాదు, యంత్రం. అంకెలు వేసుకునే పట్టికకీ, భోజనం వడ్డించే బల్లకీ దానికి తేడా తెలియదు. మనం మాత్రం రోజూ ‘టేబుల్ బుక్ చేసుకోండి’ అంటూనే ఉన్నాం, కాబట్టి అలాగే రాయి. టేబుల్, సీటు, పార్సిల్, హోటల్, ఫోన్ అన్నవి తెలుగు నోళ్లలో ఎప్పుడో కలిసిపోయిన మాటలు. వాటిని పీకేసి నిఘంటువు మాటలు పెడితే తెలుగుదనం పెరగదు, తగ్గుతుంది.

అయితే ఒక్కో మాటనీ మార్చుకుంటూ పోతే ఇది బాగుపడదు. ఒక భాషలో రాసి రెండోదానిలోకి తేవాలనుకోవడంలోనే చిక్కు ఉంది. మీ హోటల్ కూకట్‌పల్లిలో ఉంది. నీ తెలుగు క్యాప్షన్ చదివే మనిషికి ఉగాది అంటే ఏమిటో తెలుసు, పచ్చడిలో ఏం వేస్తారో తెలుసు, బొబ్బట్టు ఎలా ఉండాలో నీకంటే గట్టిగా తెలుసు. తెలియనిదల్లా ఆ రోజు నీ దగ్గర ఏం దొరుకుతుంది, ఎన్నింటికి, ఎంతకి అన్నదే. ఇంగ్లిష్ చదివేవాళ్లలో పక్క ఆఫీసుల్లో పనిచేసే ఢిల్లీ అమ్మాయి ఉంటుంది, పుణె కుర్రాడు ఉంటాడు, తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని మనవాళ్ల పిల్లలూ ఉంటారు. వాళ్లకి బొబ్బట్టు అంటే ఏమిటో ఒక మాటలో చెప్పాలి. ఒకే సంగతిని ఇద్దరికీ ఒకేలా చెబితే ఒకరికి విసుగు పుడుతుంది, ఇంకొకరికి అర్థం కాదు.

అందుకని ముందు ఏ భాషలోనూ వాక్యం రాయకు. ఒక కాగితం మీద వివరాలు మాత్రం వేసుకో. గురువారం, మార్చి 19. మధ్యాహ్నం 12 నుంచి 3:30. ఆకు 450 రూపాయలు. మామిడికాయ పులిహోర, ముద్దపప్పు, గారెలు, పరమాన్నం, నేతి బొబ్బట్లు. పార్సిల్ ఉంది. ఆ కాగితం వంటాయనకి చూపించి, అవునో కాదో అడుగు. తర్వాత దాన్ని ముందు పెట్టుకుని తెలుగు రాయి. కాసేపు ఆగి, ఆ తెలుగు వైపు చూడకుండా మళ్లీ అదే కాగితం చూసి ఇంగ్లిష్ రాయి. రెండూ కాగితంలోంచే పుట్టాలి, ఒకదాంట్లోంచి ఇంకొకటి పుట్టకూడదు.

తెలుగుది నేనైతే ఇలా రాస్తాను: ‘పొద్దున పచ్చడి మీ ఇంట్లో. మధ్యాహ్నం భోజనం మా దగ్గర, అరిటాకులో. మామిడికాయ పులిహోర, ముద్దపప్పు, గారెలు, పరమాన్నం. చివర్లో పెనం మీంచి నేరుగా ఆకులోకి నేతి బొబ్బట్టు.’

ఇక్కడ కొంచెం ఆగి చూడు. ఉగాది పచ్చడి పొద్దున్నే, ఇంట్లో, మిగతావన్నీ తినకముందే నోట్లో వేసుకునేది. హోటల్‌కి వచ్చి దానితో సంవత్సరం మొదలుపెట్టాలని ఎవరూ అనుకోరు. చాలామంది పచ్చడినే మొదటి లైనులో పెట్టి, దానికి ‘షడ్రుచుల సమ్మేళనం’ అని తగిలిస్తారు. ఆ మాట ఉగాది వస్తే ప్రతి బ్యానర్ మీదా కనపడుతుంది, అందుకే కళ్లు దాని మీద ఆగవు. పచ్చడిని వాళ్ల ఇంటికే వదిలేస్తే ఆచారం తెలిసినవాళ్లు రాశారన్న నమ్మకం కలుగుతుంది, నువ్వు అమ్ముతున్నది మధ్యాహ్నం భోజనమని కూడా స్పష్టమవుతుంది. వచ్చినవాళ్లకి పచ్చడి ఒక చిన్న గిన్నెలో తప్పకుండా ఇవ్వండి, మంచిదే. క్యాప్షన్‌కి మాత్రం అది తలమాట కాకూడదు.

ఇంకొకటి గమనించు, ఆ నాలుగు లైన్లలో ‘ఆస్వాదించండి’ లేదు, ‘రుచికరమైన’ లేదు, ‘మరపురాని అనుభూతి’ లేదు. పెనం మీంచి నేరుగా ఆకులోకి అంటే వేడిగా ఉందని వేరే చెప్పక్కర్లేదు. అయితే మీ వంటింట్లో నిజంగా అప్పటికప్పుడు కాలుస్తుంటేనే ఆ లైను రాయి. పొద్దున్నే కాల్చి డబ్బాల్లో పెడుతుంటే తీసెయ్, వచ్చినవాళ్లు మొదటి ముక్కలోనే పట్టేస్తారు.

బొబ్బట్టు పేరు దగ్గర జాగ్రత్త. కోస్తావాళ్లు బొబ్బట్లంటారు, తెలంగాణలో భక్ష్యాలంటారు, రాయలసీమలో చాలాచోట్ల ఓళిగలంటారు. కూకట్‌పల్లిలో ముగ్గురూ ఉన్నారు. ‘బొబ్బట్లనండి, భక్ష్యాలనండి, ఓళిగలనండి’ అని ఒక్కసారి ముగ్గుర్నీ పలకరిస్తే కింద కామెంట్లలో మా ఊళ్లో ఇలా అంటామని వాళ్లే చెప్పుకుంటారు. అది మొదటి పోస్టులో ఇరికించకు, పండగ ముందురోజు బొబ్బట్టు ఒక్కదానికే వేరే పోస్టు పెట్టి అందులో వాడు.

ఇప్పుడు ఇంగ్లిష్. తెలుగు లిపిలోనే రాస్తున్నాను, బయటికి చదువుతూ చెవితో విను: ‘ఉగాది ఈజ్ ది తెలుగు న్యూ ఇయర్, అండ్ లంచ్ ఈజ్ ది బిగ్ మీల్. అవర్స్ కమ్స్ ఆన్ ఎ బనానా లీఫ్ అండ్ ఎండ్స్ విత్ బొబ్బట్లు: సాఫ్ట్, థిన్, స్టఫ్డ్ విత్ దాల్ అండ్ జాగరీ, బ్రషెడ్ విత్ ఘీ.’ తెలుగులో ఉన్న పచ్చడి లైను ఇందులో లేదు, ఉండక్కర్లేదు కూడా. ఇంట్లో పచ్చడి చేసుకోని మనిషికి ఆ మాట అందదు. పచ్చడిని చట్నీ అని తిప్పితే ఇడ్లీ పక్కన వేసేది అనుకుంటారు. ఎప్పుడైనా దాని గురించి చెప్పాల్సి వస్తే పేరు అలాగే ఉంచి, వేపపువ్వు, కొత్త బెల్లం, మామిడికాయ, చింతపండు వేసి చేసేదనీ, కొత్త సంవత్సరంలో మొదట నోట్లో వేసుకునేది అదేననీ రాయి. బొబ్బట్లకైనా అంతే. ‘స్వీట్ పాన్‌కేక్’ అంటే తినే ముందే వేరే రుచి ఊహించుకుంటారు. పేరు మనది ఉంచు, పక్కన నాలుగు మాటల్లో లోపల ఏముందో చెప్పు.

ఈ ఏడాది ఇంకో చిక్కుంది. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. తెలుగులో అది అరవై పేర్లలో ఒకటిగానే చెవిన పడుతుంది, ‘శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు’ అనడంలో తప్పులేదు. దాన్ని యంత్రానికిస్తే అవమానాల సంవత్సరం శుభాకాంక్షలని తిప్పిపెట్టే ప్రమాదం ఉంది. నువ్వు ఇంగ్లిష్ రాయకపోయినా ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో అనువాదం చూడమనే మీట ఉంటుంది, నొక్కినవాళ్లకి యంత్రం రాసిందే కనపడుతుంది. కాబట్టి సంవత్సరం పేరు కావాలనుకుంటే పంచాంగ శ్రవణం గురించి విడిగా పెట్టే పోస్టులో రాయి, భోజనం పోస్టులో వద్దు. ఇంగ్లిష్‌లో ఆ పేరు అసలు తేకు.

రెండు భాషలూ ఒకే పోస్టులో పెట్టేటప్పుడు ఏది ముందన్న ప్రశ్న వస్తుంది. క్యాప్షన్ ఎంత పొడుగు రాసినా పైన కనపడేది ఒకటి రెండు లైన్లే, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తెలుగు ముందు పెడితే ఇంగ్లిష్ మొత్తం లోపలికి పోతుంది. నా మాట వింటే క్యాప్షన్ తెలుగుతో మొదలుపెట్టు, ఫొటో మీద చిన్నగా ఇంగ్లిష్‌లో ఉగాది లంచ్, తేదీ, ధర వెయ్యి. ఇంగ్లిష్ చదివేవాళ్లకి ఫొటోనే చెబుతుంది, వివరం కావాలంటే కిందికి వస్తారు. ఒక లైను తెలుగు, ఒక లైను ఇంగ్లిష్‌గా పేనకు, రెండూ చదవబుద్ధి కావు. ఫొటో మీద తెలుగు కూడా వేయాలనుకుంటే, బొమ్మ తయారయ్యాక ఒత్తులు ఊడిపోయాయేమో ఒక్కొక్క అక్షరం చూడు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో దక్షిణాసియా భాషల అమరిక ఎంచుకోకపోతే ‘బొబ్బట్లు’లో ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. అక్షరాలు విరిగిన బొమ్మ చూస్తే రాసినవాళ్లకి తెలుగు రాదనే అనుకుంటారు.

తేదీ, సమయం, ధర, ఫోన్ నంబరు రెండు భాషల్లో రెండుసార్లు రాయకు. రెండు ముక్కలూ అయ్యాక చివర అంకెలతో ఒక్కసారి పెట్టు. ఆఖరి నిమిషంలో మీ ఓనరు 3:30ని 3 చేస్తే ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోవడం చాలా మామూలు, అప్పుడు మూడుంపావుకి వచ్చిన కుటుంబానికి సమాధానం చెప్పాల్సింది గుమ్మం దగ్గర నిలబడ్డ కుర్రాడు.

అంతా అయ్యాక తెలుగు ముక్కని మీ అమ్మకి ఫోన్లో చదివి వినిపించు. తను మధ్యలో ‘అంటే?’ అని అడిగితే ఆ లైను మార్చాలి. ‘ఎంతట?’ అని అడిగితే రాత కుదిరినట్టే. ఇంగ్లిష్ ముక్కని మీ పక్క ఆఫీసుల్లో తెలుగు రాని ఎవరికైనా వినిపించి, ఏం పెడతారని అర్థమైందో వాళ్లనే చెప్పమను.

పోస్టు ఆదివారం సాయంత్రానికల్లా పడాలి. బొబ్బట్లకి పచ్చిశనగపప్పు, బెల్లం ఎంత తెప్పించాలో మీ వంటాయన బుధవారం పొద్దున్నే లెక్క వేసుకోవాలి, బుకింగులు రాకుండా ఆయన వెయ్యలేడు. శనివారం రాత్రిలోపు రెండు ముక్కలూ నాకు పంపు, నిద్ర పోకుండా చూసి పెడతాను.

ఆశీస్సులతో,
మామయ్య