కొత్త బల్బు కూడా మాడిపోతోందా? ముందు హోల్డర్ చూడండి

కారు ఎడమ హెడ్‌లైట్‌లో మాత్రమే బల్బులు పదేపదే పోతున్నాయంటే, కొత్త బల్బు కొనే ముందు దాని వెనకున్న హోల్డర్ లాగి చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, ఏదో ఒక పిన్ను దగ్గర కరిగి గుంట పడినా, కాలిన వాసన వచ్చినా తప్పు బల్బుది కాదు. ఆ హోల్డర్‌కే మరో బల్బు పెడితే అదీ ఎక్కువ రోజులు ఉండదు.

గన్నవరం ఎయిర్‌పోర్టుకు రాత్రి ట్రిప్పులు వేసే ఒక డిజైర్ అనుకుందాం. నడిరోడ్డు మీద ఎడమ లైటు ఆరింది. ఈ తరహా కార్లలో చాలావాటికి హెచ్4 బల్బు ఉంటుంది. అంటే మూడు పిన్నులు, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు: బ్రైట్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55. ఊళ్లో ఎక్కువగా వెలిగేది డిమ్మే కాబట్టి సాధారణంగా ఆ పిన్ను వైపే ముందు కాలుతుంది.

కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. 55 వాట్ల ఫిలమెంట్ 12 వోల్టుల దగ్గర దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. హోల్డర్ లోపలి రేకు వదులై, లేదా చిలుము పట్టి, అక్కడ ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడినా చాలు, ఆ చిన్న చోటే రెండు వాట్ల వేడి పుడుతుంది. వేడికి రేకు ఇంకా వదులవుతుంది, వదులైన కొద్దీ వేడి పెరుగుతుంది. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఉప్పుగాలిలో తిరిగే బండికి చిలుము తొందరగా పడుతుంది. వెనక రబ్బరు టోపీ చిరిగితే వానాకాలం తేమ నేరుగా లోపలికే పోతుంది.

దీనికి తోడు వెలుగు చాలడం లేదని 100/90 వాట్ల బల్బు వేయించుకునేవాళ్లున్నారు. అదీ హెచ్4 హోల్డర్‌లోకే చక్కగా దూరుతుంది, చిక్కంతా అక్కడే. డిమ్‌లో ఏడున్నర ఆంపియర్లు పారతాయి కనుక, అదే వదులు రేకు దగ్గర వేడి రెండు వాట్ల నుంచి ఐదున్నర దాటుతుంది. కంపెనీ వైరింగ్‌ను దీని కోసం వేయలేదు. రిఫ్లెక్టర్ వెండి పూత కూడా మాడుతుంది, అది మాడాక ఏ బల్బు పెట్టినా వెలుగు రాదు.

రిపేరుకు ముందు లైట్లు ఆపి, తాళం చెవి తీసి, బల్బు చల్లారనివ్వండి. కరిగిన హోల్డర్ బల్బుకు అతుక్కుపోతే గుంజకండి, అటూ ఇటూ మెల్లగా కదిలిస్తూ తీయండి. ఆటోనగర్‌లో వైర్లు బిగించి ఉన్న పింగాణీ హోల్డర్ దొరుకుతుంది, అదే తీసుకోండి. పాత వైరును రాగి తళతళలాడే చోటు వరకూ కోయాలి. నల్లబడిన రాగికి అతుకు వేస్తే మళ్లీ అక్కడే కాలుతుంది. మూడు వైర్లనూ ఒకేసారి కోసేయకండి. ఒకటి కోసి, కొత్త హోల్డర్‌లో అదే స్థానంలోని వైరుకు కలిపాకే రెండోది. కొత్త హోల్డర్ వైర్ల రంగులు కారు రంగులతో కలవవు, స్థానాన్నే నమ్మండి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుట్టడం ఇక్కడ పనికిరాదు, ఇంజిన్ వేడికి జిగురు కారిపోతుంది. గొట్టం లాంటి క్రింప్ నొక్కించి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేయించండి. మూడు అతుకులూ పక్కపక్కనే రాకుండా కాస్త ఎడంగా ఉండాలి.

బల్బు రకం దుకాణదారుడు ఊహించేది కాదు. పాత బల్బు అడుగు రేకు మీద రాసి ఉంటుంది, మాన్యువల్‌లోనూ ఉంటుంది. హెచ్7 అయితే ఒకే ఫిలమెంట్, రెండు పిన్నులు. ఒకదాని చోట మరొకటి పట్టదు. హెచ్4 చోట ఎల్ఈడీ పెడితే కరెంటు తక్కువే లాగుతుంది, హోల్డర్ చల్లగానే ఉంటుంది. కానీ రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఉండే చోటుకు సరిపడేలా మలిచారు. వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా కాంతి చెదిరి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. కంపెనీ ఇవ్వని లైటు కాబట్టి టాక్సీకి ఫిట్‌నెస్ పరీక్షలోనూ పేచీ రావచ్చు.

బిగించేటప్పుడు గాజును వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు ఉన్న చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. తాకితే స్పిరిట్‌తో తుడవండి. రబ్బరు టోపీ అంచులు అంతటా సరిగా కూర్చోవాలి, చిరిగి ఉంటే కొత్తది వేయాలి.

తర్వాత డబ్బులిచ్చే ముందే మీటరు పెట్టించండి. ఇంజిన్ నడుస్తూ, డిమ్ వెలుగుతూ ఉండగా బ్యాటరీ మీద ఎంత, బల్బు పిన్నుల దగ్గర ఎంత అని చూడాలి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి బల్బు దగ్గర 12.6 మాత్రమే వస్తే, దారిలో 1.4 వోల్టులు వేడిగా పోతున్నాయని అర్థం. అతుకు బాగున్నా తేడా అంతే ఉంటే ఎర్త్ పాయింటు, స్విచ్, రిలే వరుసగా చూడాలి. బ్యాటరీ దగ్గరే 15 దాటితే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పోయినట్టు, అప్పుడు రెండువైపులా బల్బులు మాడతాయి. కుడివైపు హోల్డర్ వయసూ అంతే కనుక, మీటరు చేతిలో ఉండగానే దాన్నీ చూపించుకోండి.