పుస్తకంలో నష్టం, చేతిలో డబ్బు: కట్టె గానుగకి నగదు బ్రేక్ ఈవెన్ లెక్క

వీడియోలో బోర్డు మీద వేసిన లెక్కనే ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. వీడియో చూసేటప్పుడు ఇది పక్కన పెట్టుకుంటే అంకెలు ఆగి చూసుకోవచ్చు.

మనలో చాలామంది పండించిన వేరుశనగని గింజలుగా అమ్మకుండా కట్టె గానుగ పెట్టి నూనె తీస్తున్నారు. వాళ్ళ దగ్గర నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "ఆడిటర్ గారు నష్టం అంటున్నారు, కానీ ఏడాది చివర చేతిలో డబ్బు మిగిలింది. ఏది నిజం?" రెండూ నిజమే. తేడా అంతా డిప్రిసియేషన్, అంటే తరుగుదల అనే ఒక్క పద్దులో ఉంది.

తరుగుదల అంటే జేబులోంచి ఎప్పుడు పోయిన డబ్బు?

గానుగ కొన్న రోజునే డబ్బు మొత్తం కట్టేశాం. ఆ గానుగ ఏడేళ్ళు పనిచేస్తుంది కాబట్టి దాని ఖరీదుని ఏడేళ్ళకీ పంచి, ఏడాదికి ఒక వాటా ఖర్చుగా రాస్తాం. ఆ వాటానే తరుగుదల. రెండో ఏడాదిలో యాభై వేలు తరుగుదల రాశామంటే ఆ ఏడాది ఎవరికో యాభై వేలు ఇచ్చామని కాదు. ఇచ్చేసినదాన్ని ఇప్పుడు లెక్కలోకి తెస్తున్నాం, అంతే. గానుగ ఆడినా ఆడకపోయినా ఆ పద్దు మారదు కాబట్టి దాన్ని స్థిర ఖర్చుల్లో వేస్తారు.

మన గానుగల్లో అమ్మకం చిన్నది, యంత్రం, షెడ్డు ఖరీదు పెద్దది. అందుకే స్థిర ఖర్చుల్లో తరుగుదల వాటా చాలా ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక గానుగ లెక్క

ఇవి లెక్క తేలిగ్గా రావడానికి గుండ్రంగా తీసుకున్న అంకెలు. మీ ఊరి రేట్లు వేసుకుని మళ్ళీ చేసుకోండి.

పెట్టుబడి: మోటారుతో కట్టె గానుగ రూ. 3,50,000, ఏడేళ్ళ ఆయుష్షు. షెడ్డు రూ. 4,00,000, ఇరవై ఏళ్ళు. ఫిల్టరు, స్టీలు డ్రమ్ములు, కాటా, వైరింగు కలిపి రూ. 1,00,000, ఐదేళ్ళు. ఏడాదికి తరుగుదల 50,000 + 20,000 + 20,000, మొత్తం రూ. 90,000.

చేతి నుంచి నిజంగా పోయే స్థిర ఖర్చులు: ఒక మనిషికి నెల జీతం 9,000 చొప్పున ఏడాదికి 1,08,000. కరెంటు ఫిక్స్‌డ్ ఛార్జీ, లైసెన్సు, చిన్న రిపేర్లు 12,000. మొత్తం రూ. 1,20,000.

ఇక లీటరు లెక్క. ఒక లీటరు నూనెకి 2.5 కిలోల గింజలు పడతాయి అనుకుందాం. కిలో 110 చొప్పున 275 రూపాయలు. కరెంటు 8, సీసా, లేబులు 15, రవాణా 7. మొత్తం 305. ఒకటిన్నర కిలో చెక్క వస్తుంది, పాడి రైతులకి కిలో 40కి అమ్మితే 60 తిరిగి వస్తుంది. అంటే లీటరు నూనె మీద నికరంగా పడేది 245. లీటరు 315కి అమ్మితే 70 రూపాయలు మిగులుతుంది. స్థిర ఖర్చులన్నీ తీరాల్సింది ఈ డెబ్భై రూపాయలతోనే.

ఒక మాట. గింజలు మన సొంత చేలోవి అయినా ఆ 110 వేసుకోవాల్సిందే. మార్కెట్లో అమ్మితే ఆ డబ్బు వచ్చేది కదా. అది వదిలేస్తే చేను సంపాదించింది గానుగ సంపాదించినట్టు కనిపిస్తుంది.

రెండు గీతలు

మామూలు బ్రేక్ ఈవెన్ అంటే లాభమూ నష్టమూ లేని చోటు. స్థిర ఖర్చులన్నిటినీ లీటరు మిగులుతో భాగించాలి.

(1,20,000 + 90,000) ÷ 70 = 3,000 లీటర్లు

నగదు బ్రేక్ ఈవెన్ అంటే డబ్బు లోపలికి వచ్చినంతా బయటికి పోయే చోటు. ఇక్కడ తరుగుదల తీసేసి భాగించాలి.

1,20,000 ÷ 70 = సుమారు 1,715 లీటర్లు

రోజుకి 15 కిలోల వాయిలు మూడు ఆడిస్తే 45 కిలోల గింజలు, 18 లీటర్ల నూనె. ఆ లెక్కన నగదు గీత దాటడానికి ఏడాదిలో సుమారు 95 రోజుల ఆట చాలు. లాభం గీత దాటాలంటే 167 రోజులు ఆడాలి, ఆ నూనె మొత్తం అమ్ముడుపోవాలి కూడా.

ఇప్పుడు ఏడాదికి 2,200 లీటర్లు అమ్మిన గానుగ చూద్దాం. మిగులు 2,200 × 70 = 1,54,000. చేతి ఖర్చులు 1,20,000 పోతే 34,000 డబ్బు మిగిలింది. పుస్తకంలో ఇంకో 90,000 తరుగుదల తీసేస్తే 56,000 నష్టం. ఆడిటర్ గారు చెప్పిందీ నిజం, చేతిలో ఉన్నదీ నిజం అన్నమాట.

ఈ గీత దేనికి పనికొస్తుంది?

అమ్మకాలు పడిపోయిన ఏడాదిలో "ఆపేద్దామా, నడుపుదామా" అనే ప్రశ్నకి ఇదే సమాధానం ఇస్తుంది. పైన చెప్పిన గానుగని ఆపేస్తే జీతం ఖర్చు తప్పుతుంది, కానీ షెడ్డుకీ గానుగకీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. నడిపితే ఏడాదికి 34,000 వస్తుంది. కాబట్టి 1,715కి పైన ఉన్నంత కాలం, పుస్తకంలో నష్టం ఉన్నా, నడపడమే మేలు. దానికి కింద ఉంటే మాత్రం ఇంట్లోంచి డబ్బు తెచ్చి గానుగకి పెడుతున్నట్టే. అప్పుడు మనిషిని సీజనుకే పెట్టుకోవడమో, పక్క రైతుల గింజలు కూలికి ఆడించడమో చూడాలి. గానుగకి మంచి అమ్మకం ధర పలికితే మాత్రం ఆ ధర కూడా పక్కన పెట్టి పోల్చాలి. అమ్మితే వచ్చే డబ్బు కూడా డబ్బే కదా.

ఈ గీత ఒకసారి వేసి గోడకి అంటించేది కాదు. గింజల ధర కిలోకి పది రూపాయలు పెరిగి నూనె ధర పెంచలేకపోయామనుకోండి. లీటరుకి 25 ఖర్చు పెరిగి మిగులు 70 నుంచి 45కి పడుతుంది. నగదు గీత 1,715 నుంచి సుమారు 2,667కి లేస్తుంది. 2,200 లీటర్లు అమ్మే గానుగ ఒక్కసారిగా గీత కిందకి పోతుంది. అందుకే గింజలు కొన్న ప్రతిసారీ ఈ భాగహారం మళ్ళీ చేయండి.

బ్యాంకు అప్పు ఉంటే

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. తరుగుదల డబ్బు కాదని తీసేస్తారు, బాగానే ఉంది. కానీ అప్పు అసలు కట్టేది పుస్తకంలో ఖర్చుగా కనిపించదు, చేతిలోంచి మాత్రం పోతుంది. తరుగుదలకి ఇది సరిగ్గా తిరగేసిన బొమ్మ.

ఆ పెట్టుబడిలో మూడు లక్షలు ఐదేళ్ళకి అప్పు తీసుకుని నెలకి 6,500 ఈఎంఐ కడుతున్నామనుకుందాం. ఏడాదికి 78,000. మన చేతి ఖర్చు ఇప్పుడు 1,98,000.

1,98,000 ÷ 70 = సుమారు 2,829 లీటర్లు

చూశారా, 1,715 అనుకున్నది ఎక్కడికి వచ్చిందో. అప్పు ఉన్న ఐదేళ్ళూ మనం చూడాల్సిన గీత ఇదే. మొదట్లో 34,000 మిగులుతోందన్న గానుగ ఈఎంఐ కట్టాక ఏడాదికి 44,000 తక్కువ పడుతుంది. వడ్డీ భాగం పుస్తకంలో కూడా ఖర్చే కాబట్టి మామూలు బ్రేక్ ఈవెన్ కూడా 3,000 కన్నా పైకి పోతుంది. అప్పు తీరాక మళ్ళీ పాత గీతలే.

రెండు గీతల మధ్య ఏళ్ళ తరబడి ఉంటే

తరుగుదల ఈరోజు డబ్బు కాదు. కానీ ఏడో ఏడాది రోలు అరిగి, రోకలి మార్చినా నూనె సరిగా దిగని రోజున అది మొత్తం ఒకేసారి డబ్బు అవుతుంది. 2,200 దగ్గర ఏడేళ్ళు నడిచిన గానుగకి మిగిలేది 34,000 × 7 = 2,38,000. అందులో ఒక్క రూపాయి ఇంటికి వాడకపోయినా కొత్త గానుగ 3,50,000 రాదు, పైగా మధ్యలో ఫిల్టరు, డ్రమ్ములు కూడా మార్చాలి. అప్పటికి గానుగ ధర కూడా పెరిగి ఉంటుంది.

అందుకని నగదు గీత దాటడాన్ని లాభం అనుకోవద్దు. 1,716వ లీటరు నుంచి 3,000వ లీటరు దాకా వచ్చే డెబ్భై రూపాయలు గానుగ వాటా. లెక్క వేస్తే 1,285 లీటర్లు × 70 దాదాపు 90,000, అంటే తరుగుదల మొత్తమే. ఆ డబ్బుని వేరే ఖాతాలోనో రికరింగ్ డిపాజిట్‌లోనో వేయండి. ఇంటికి తీసుకునేది 3,000 దాటాక మొదలవుతుంది. అప్పు ఉన్నవాళ్ళకి ఈ వాటాలో చాలా భాగం ఈఎంఐకి పోతుంది, మిగిలితేనే డిపాజిట్.

లెక్క ఎక్కడ మోసం చేస్తుంది?

మొదటిది, అరువు. ఈ గీత అమ్మిన నూనె డబ్బు చేతికి వచ్చిందని అనుకుంటుంది. దుకాణంవాళ్ళు రెండు నెలల తర్వాత ఇస్తే 1,715 దాటినా గల్లాలో డబ్బు ఉండదు. అందుకే అమ్మిన లీటర్లు ఒక గడిలో, డబ్బు వచ్చిన లీటర్లు పక్క గడిలో రాయండి. గీతతో పోల్చాల్సింది రెండో గడి.

రెండోది, గింజల నిల్వ. పంట వచ్చినప్పుడు చవకగా ఉందని ఏడాదికి సరిపడా కొంటే, 1,715 లీటర్లకే సుమారు 4,300 కిలోలు, అంటే 4,70,000 పైన డబ్బు గోడౌన్‌లో కూర్చుంటుంది. అది నష్టం కాదు, కానీ ఆ నెలల్లో జీతం ఇవ్వడానికి డబ్బు ఎక్కడిదో ముందే చూసుకోవాలి.

మూడోది, మన కష్టం. భార్యాభర్తలు ఇద్దరూ గానుగ దగ్గర పనిచేస్తే దానికి జీతం రాయం, కాబట్టి నగదు గీత కిందకి దిగినట్టు కనిపిస్తుంది. తరుగుదల లాగే అది కూడా డబ్బు పోని ఖర్చు. కనీసం పుస్తకంలో ఒక పద్దుగా రాసి, దానితో కలిపి ఒకసారి, లేకుండా ఒకసారి భాగించి చూడండి.

మీ గానుగకి మూడు అంకెలు ఒక అట్ట మీద రాసుకోండి: నగదు గీత, ఈఎంఐతో కలిపిన గీత, తరుగుదలతో కలిపిన గీత. నెల నెలా డబ్బు వచ్చిన లీటర్లు కూడుతూ పోతే ఏడాదిలో ఎప్పుడు ఏ గీత దాటారో కనిపిస్తుంది. పిండి మర, మినుముల మిల్లు పెట్టినవాళ్ళకి కూడా ఇదే భాగహారం, లీటరు బదులు కిలో వేసుకోవాలి. మీ అంకెలతో లెక్క కుదరకపోతే లీటరు మిగులు ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను.