ఒకేలా కనిపించే రెండు గ్రూపులు

ప్రశ్న: D4, Q8 రెండింటిలోనూ ఎనిమిదేసి మూలకాలు. రెండూ వినిమయ గ్రూపులు కావు. రెండింటి కేంద్రంలోనూ రెండే మూలకాలు. అయితే ఇవి ఐసోమార్ఫిక్ అని రాయవచ్చా?

జవాబు: రాయకూడదు. ఒక్క లక్షణం తేడా వచ్చినా గ్రూపులు వేరని తేలుతుంది కానీ, కొన్ని లక్షణాలు కలిసినంత మాత్రాన అవి ఒకటని తేలదు. ఇక్కడ మూలకాల ఆర్డర్లు చూడండి. D4 చతురస్రపు సౌష్ఠవాల గ్రూపు. అందులో నాలుగు పరావర్తనాలు, 180 డిగ్రీల భ్రమణం కలిపి ఆర్డర్ 2 గల మూలకాలు ఐదు. Q8లో అలాంటిది −1 ఒక్కటే. ±i, ±j, ±k ఆరింటి ఆర్డరూ 4.

ఇప్పుడు D4 నుంచి Q8కి φ అనే ఐసోమార్ఫిజం ఉందనుకుందాం. xⁿ = e అయినప్పుడే φ(x)ⁿ = e అవుతుంది కాబట్టి φ ఆర్డర్‌ను మార్చదు. అంటే ఆ ఐదు మూలకాలూ Q8లో ఆర్డర్ 2 గల ఐదు వేర్వేరు మూలకాలకు వెళ్లాలి. అక్కడ ఉన్నది ఒక్కటే. కనుక φ లేదు.

పరీక్షల్లో చాలామంది ఏదో ఒక ప్రమేయం తీసుకుని అది పనిచేయలేదని చూపి ఆపేస్తారు. అది నిరూపణ కాదు. ఎనిమిది మూలకాల మధ్య 40,320 ద్విగుణ ప్రమేయాలున్నాయి. పై వాదన వాటన్నిటినీ ఒకేసారి తోసిపుచ్చుతుంది.

Z4×Z2తో పోల్చాల్సివస్తే ఇంత పని లేదు. అది వినిమయ గ్రూపు, ఈ రెండూ కావు.

పరిమాణం 16కి వెళితే ఈ మూడు పరీక్షలూ చాలవు. Q8×Z2, Z4⋊Z4 (వినిమయం కానిది) రెండింటిలోనూ ఆర్డర్ 2 గలవి మూడు, ఆర్డర్ 4 గలవి పన్నెండు, కేంద్రంలో నాలుగు. అప్పుడు వర్గాలను లెక్కించండి: తత్సమం కాని వర్గం మొదటిదానిలో ఒకటే, రెండోదానిలో రెండు.