తవుడు బాకీకి గడువు అడిగేటప్పుడు

కొల్లేరు చేపల చెరువులకు తాడేపల్లిగూడెం వైపు మిల్లుల తవుడు ఖాతా మీద వెళ్లడం మామూలు. పట్టుబడి అయ్యాక లెక్క తేలుతుంది. చేప ధర పడిపోయి పట్టుబడి వెనక్కి జరిగితే ఆ బాకీ మెడకు చుట్టుకుంటుంది. ఏళ్ల తరబడి సరుకు ఇచ్చిన వ్యాపారి అయినా గడువు పెంచి తీరాలని చట్టం చెప్పదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం గడువు ఇవ్వడం ఆయన ఇష్టం. అందుకే వాయిదా తేదీ దాటకముందే, రాతపూర్వకంగా అడగాలి.

ఉత్తరంలో ముందుగా ఇరువైపుల ఖాతాలూ సరిచూసిన బాకీ మొత్తం, ఆ తర్వాత ఆలస్యానికి కారణం, చివరగా చెల్లింపు తేదీలు రాయాలి. ఉదాహరణకు ఆగస్టు 1 నాటికి బాకీ 6 లక్షల రూపాయలు అనుకుంటే, ఆగస్టు 10న 1 లక్ష, చిన్న చెరువు పట్టుబడి తర్వాత అక్టోబరు 10న 2 లక్షలు, పెద్ద చెరువు పట్టాక డిసెంబరు 15న మిగిలిన 3 లక్షలు. ఈలోగా కొత్త తవుడు నగదుకే తీసుకుంటామని చేర్చాలి. వ్యాపారికి నమ్మకం కలిగించేది ఈ మాటే. పొడిగించిన కాలానికి వడ్డీ ఉందో లేదో, ఉంటే ఎంతో స్పష్టంగా రాయించుకోవాలి. నోటిమాటగా వదిలేస్తే తగవు మొదలయ్యేది అక్కడే. వ్యాపారి అదే కాగితంపై అంగీకారం రాసి సంతకం చేస్తేనే అది ఒప్పందానికి గట్టి రుజువు.

ఉత్తరంపై కొనుగోలుదారు చేసే సంతకానికీ ఒక ఫలితం ఉంది. అరువు గడువేదీ లేకుండా ఇచ్చిన సరుకు ధర కోసం, అది అందిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ కాలం ముగియకముందే కొనుగోలుదారు బాకీని ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. కనుక తడిసిన బస్తాల వంటి వివాదం ఉంటే ఆ మొత్తాన్ని విడిగా చూపి మిగతాదే ఒప్పుకోవాలి.

డబ్బు ఇచ్చేటప్పుడు అది పాత బాకీకో కొత్త సరుకుకో రాసి ఇవ్వాలి. చెప్పకపోతే ఏ బాకీకి జమ కట్టుకోవాలో వ్యాపారే నిర్ణయించుకోవచ్చు. వాయిదాల కోసం రాబోయే తేదీలు వేసి చెక్కులు ఇచ్చేటప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే, నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే క్రిమినల్ కేసుకు దారి ఏర్పడుతుంది. పట్టుబడి తేదీ ఖాయం కాని వాయిదాకు చెక్కు ఇవ్వకపోవడమే మేలు.

అమ్మినది వ్యాపారి కాక ఎంఎస్ఎంఈగా నమోదైన చిన్న మిల్లే అయితే లెక్క మారుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందంలోని గడువు 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ చెల్లించాల్సి రావచ్చు. ఆ మిల్లుతో డిసెంబరు దాకా షెడ్యూలు కుదుర్చుకునేవారు ఈ వడ్డీని కూడా లెక్కలో వేసుకోవాలి.