డీజే ఎప్పుడు ఆపాలి? పూలవాళ్లు ఎప్పుడు రావాలి?

ప్రశ్న: మాది ఎల్లారెడ్డి. కామారెడ్డిలో ఫంక్షన్ హాల్ తీసుకుని మా అమ్మాయి పెళ్లి చేస్తున్నాం. ప్లానర్ అన్నీ ఫోన్‌లోనే చెబుతున్నారు. మెయిల్‌లో ఏం రాయించుకోవాలి?

జవాబు: ప్లానర్ ఒప్పుకున్న మాట హాల్ మేనేజర్ దాకా చేరకపోవడం వల్లే పెళ్లిరోజు గొడవలొస్తాయమ్మా. మెయిల్ ప్లానర్‌కు పంపి, హాల్ వాళ్లకూ కాపీ పెట్టండి.

ముందు పాటల సంగతి. శబ్ద కాలుష్య నిబంధనల (2000) ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదు. మూసి ఉన్న హాల్ లోపలి వాడకానికి మినహాయింపు ఉంది గానీ లాన్‌కు, బరాత్‌కు అది వర్తించదు. అందుకే ఇలా రాయండి: ‘లాన్‌లో డీజే 9.45కి ఆపేస్తాం. తర్వాత లోపల పాటలకు హాల్ ఒప్పుకుంటుందా? ఎన్నింటి దాకా?’

ముందురోజు అక్కడ ఇంకో ఫంక్షన్ ఉందేమో తప్పక అడగండి. ఉంటే హాల్ అర్ధరాత్రికి గానీ ఖాళీ కాదు. ఉదయం ముహూర్తానికి మండపం కట్టే టైం చాలదు. పూలవాళ్లు, వంటవాళ్లు ఏ గేటు నుంచి, ఎన్నింటికి రావాలో, తాళం ఎవరి దగ్గరుంటుందో రాయించండి. గోడలకు మేకులు కొట్టొచ్చా, పాడైతే డిపాజిట్‌లో ఎంత పట్టుకుంటారన్నదీ అందులోనే ఉండాలి.

రెండు రోజుల్లో జవాబు రాకపోతే ప్లానర్‌ను వెంటబెట్టుకుని హాల్‌కే వెళ్లి, కాగితం మీద సంతకం తీసుకోండి. బరాత్ రోడ్డు మీద తీస్తే స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే అనుమతి అడగండి.